నాలుగు రోజులు చూడని మెయిల్

మేడ్చల్ బస్టాండు దాటాక మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో మందుల ఏజెన్సీ ఉండేది. చుట్టుపక్కల ఆసుపత్రులకూ మెడికల్ షాపులకూ టోకున మందులు పంపే చోటు. నేను అందులో ఫార్మసిస్టుగా ఐదేళ్లు పనిచేశాను. లైసెన్సు కాగితం గోడకు వేలాడేది. దాని మీద యజమాని పేరు కింద ఫార్మసిస్టు అన్నచోట నా పేరుండేది. ఆ పేరు చూసుకుని మొదట్లో నాకు గర్వంగా ఉండేది. నేను చెప్పబోయే శుక్రవారం మాత్రం ఆ గోడ వైపు చూడలేకపోయాను.

మా యజమానికి ఊళ్లో భూములుండేవి. ప్లాట్ల వ్యాపారం చేసేవాడు, ఎన్నికలొస్తే పార్టీ పనుల్లో తిరిగేవాడు. ఏజెన్సీకి రోజుకొకసారి వచ్చి, అరగంట కూర్చుని, ఎవరో ఫోన్ చేస్తే లేచి వెళ్లిపోయేవాడు. మిగిలిందంతా నాదే. ఏ మందు ఎప్పుడు వచ్చింది, ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లింది, ఏది గడువు దాటబోతోంది, అన్నీ నేనే చూసేదాన్ని. కంపెనీల నుంచి వచ్చే మెయిళ్లు కూడా.

మాకు యాంటిబయాటిక్ ఇంజెక్షన్లు శామీర్‌పేట దగ్గరున్న ఒక చిన్న కంపెనీ నుంచి వచ్చేవి. పొడి రూపంలో చిన్న గాజు సీసాలు. వాటిలో నీళ్లు కలిపి రోగికి ఎక్కిస్తారు. ఆ కంపెనీలో నాణ్యత చూసే మేడం నాకు మూడేళ్లుగా తెలుసు. ఎప్పుడూ కలవలేదు, మెయిళ్లలోనే పరిచయం. ప్రతి బ్యాచ్‌కూ పరీక్షల కాగితం పంపేది, నేను అందిందని రాసేదాన్ని. నా పెళ్లి కుదిరినప్పుడు సెలవు పెడుతున్నానని రాస్తే, కింద ఒక వాక్యంలో సంతోషంగా ఉండమని రాసింది. అంత నమ్మకస్తురాలి మెయిల్ నాకు నాలుగు రోజులు కనపడకుండా పోయింది. పోయేలా చేసింది కూడా నేనే.

ఆ కంపెనీకి బయటికి రాసే మెయిల్ అడ్రసు ఒక్కటే ఉండేది. మేడం కూడా దాన్నుంచే రాసేది. ఒక సీజన్లో వాళ్ల అమ్మకాల వాళ్లు అదే అడ్రసు నుంచి రోజూ ప్రకటనలు పంపడం మొదలుపెట్టారు. కొత్త టానిక్కు, కొత్త ఆఫరు, మెరిసే బొమ్మలు. ఇంకా పది కంపెనీల ప్రకటనలు కూడా వచ్చి పడేవి. ఒక సాయంత్రం విసుగు పుట్టి, ఆ పేజీలో కనిపించిన ప్రకటనలన్నిటికీ వరసగా టిక్కులు పెట్టి, రిపోర్ట్ స్పామ్ అన్నది నొక్కేశాను. మెయిల్ పెట్టె శుభ్రమైంది. హాయిగా ఇంటికి వెళ్లిపోయాను. పనికిరాని మెయిల్ అని నేను చెప్పింది ఆ బొమ్మల గురించే అనుకున్నాను కానీ, దాంతోపాటు ఆ అడ్రసు గురించి కూడా చెప్పానని నాకు తట్టలేదు.

తర్వాత రెండు వారాలకు ఆ శుక్రవారం వచ్చింది. తనిఖీకి మందుల శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తాడని విని పొద్దున్నే కాగితాలు సర్దుతున్నాను. ఆ కంపెనీ ఇంజెక్షన్ల తాజా పరీక్షల కాగితం ఫైల్లో లేదు. మెయిల్లో ఉంటుంది కదా అని కంపెనీ పేరు కొట్టి వెతికాను. పాతవన్నీ వచ్చాయి. రెండు వారాల నుంచి ఒక్కటీ లేదు. మేడం అన్ని రోజులు రాయకుండా ఉండదు. ఇంకోసారి వెతికాను, మళ్లీ అంతే. మామూలుగా వెతికితే స్పామ్‌లో ఉన్నవి రావని నాకప్పటికి తెలియదు. ఊరికే అనుమానం వచ్చి, ఎడమవైపు కింద దాక్కున్నట్టుండే స్పామ్ అన్న పేరు మీద నొక్కాను.

లాటరీలు, లోన్లు, తెలియని భాషల్లో రాసినవి. వాటి మధ్య కంపెనీ అడ్రసు నుంచి వచ్చినవి. పైన ఉన్నదాని శీర్షికలో ‘రెండవసారి గుర్తు చేస్తున్నాము’ అని ఇంగ్లీషులో ఉంది. దాని కిందది సోమవారం నాటిది. శీర్షిక: అత్యవసరం, అమ్మకం వెంటనే ఆపండి.

తెరిచాను. ఒక బ్యాచ్ నంబరు ఇచ్చి, ఆ సీసాల్లో కొన్నిటిలో నీళ్లు కలిపాక గాజు పెళ్లల్లాంటివి తేలుతున్నట్టు పరీక్షలో బయటపడిందని, ఉన్నవి పక్కన పెట్టి, అమ్మినవి వెనక్కి రప్పించి, ఎన్ని దొరికాయో రాయమని ఉంది. మెయిల్ పైన ఒక పట్టీలో, ఇది స్పామ్‌లో ఎందుకుందో కూడా రాసి ఉంది. ఈ అడ్రసు నుంచి వచ్చిన మెయిళ్లను మీరు ఇంతకుముందు స్పామ్ అని గుర్తుపెట్టారు, అని.

మీరు. ఆ మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. లేచి ర్యాకు దగ్గరికి వెళ్లాను. ఆ మందు పెట్టె తీసి పక్కకు తిప్పి నంబరు చూశాను. చివర ముప్పై ఏడు. మెయిల్లోనూ ముప్పై ఏడే. పెట్టె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వారంలో ఆ బ్యాచ్ పెట్టెలు మూడు చోట్లకు వెళ్లినట్టు నాకు గుర్తే. గాజులరామారంలో ఒక నర్సింగ్ హోమ్‌కు, దుండిగల్ వైపు ఒక క్లినిక్‌కు, రావల్కోల్‌లో ఒక మెడికల్ షాపుకు.

మెయిల్ నిజమేనా అన్న అనుమానం కూడా వచ్చింది. స్పామ్‌లో ఉన్నదాన్ని అట్లా నమ్మకూడదని అందరూ అంటారు. అడ్రసు ఒక్కో అక్షరం పాతదానితో పోల్చి చూశాను. ఒకటే. దానికి జతచేసిన కాగితం తెరవలేదు. అందులో ఉన్న నంబరుకు కాకుండా, నా ఫోన్లో ఎప్పటినుంచో ఉన్న కంపెనీ నంబరుకు చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ.

కంపెనీ దొరికేదాకా ఆగలేక నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేశాను. నర్సు ఎత్తింది. ఆ మందు ఎవరికైనా ఇస్తున్నారా అని అడిగితే, బాలింత ఒకామెకు బుధవారం నుంచి రోజుకు రెండుపూటలా ఇస్తున్నామని చెప్పింది. కాన్పయ్యాక జ్వరం వచ్చిందట. బ్యాచ్ నంబరు చదవమన్నాను. పెట్టె తెచ్చి చదివింది. చివర ముప్పై ఏడు.

"తర్వాతి డోసు ఇయ్యకండి. నేను పక్కాగా తెలుసుకుని చెప్తా, అప్పటిదాకా ఆపండి," అన్నాను.

"డాక్టర్ సార్ చెప్పకుంట నేనెట్ల ఆపుత?" అంది ఆమె.

డాక్టర్ను పిలవమన్నాను. ఆయన వచ్చి విన్నాడు. ఒకటి రెండు ప్రశ్నలడిగాడు. వేరే మందు మొదలుపెడతానని, రాతపూర్వకంగా ఏదైనా పంపమని అన్నాడు. కోప్పడలేదు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, ఆమె చెయ్యి సూది పెట్టిన చోట నిన్నటినుంచి వాచి ఉందని, అది సూది వల్లేననుకున్నామని నెమ్మదిగా చెప్పాడు.

ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. అయినా దుండిగల్ క్లినిక్‌కు చేశాను. వాళ్ల దగ్గర పెట్టె సీలు విప్పకుండానే ఉంది. పక్కన పెట్టేయమన్నాను. రావల్కోల్ షాపుకు చేస్తే ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు యజమాని వచ్చాడు. నా ముఖం చూసి ఏమైందన్నాడు. దాచకుండా అంతా చెప్పాను. రెండు వారాల కింద నేను నొక్కిన సంగతి కూడా. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చుని సోమవారం మెయిల్ తేదీ రెండుసార్లు చూశాడు.

తర్వాత లోగొంతుకతో అన్నాడు. "అమ్మా, ఇది మనం సూసినట్టు ఎవరికెర్క? చెరిపెయ్యి. మెయిల్ మనకు రానే రాలేదని చెప్తం. సీసాలైతే వాపసు తెద్దాం, దాంట్ల తేడా లేదు. నాలుగు రోజులు మన దగ్గరున్నదని మాత్రం తెల్వద్దు. నీ లైసెన్సు పోతది, నాది పోతది."

ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనుకోను. భయపడ్డాడు. నాకన్నా ఎక్కువే భయపడ్డాడేమో. నేను మెయిల్ ముందు నిలబడ్డాను. పైన రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి శాశ్వతంగా చెరిపేయడానికి, ఒకటి ఇది స్పామ్ కాదని చెప్పడానికి. వేలెడు దూరం లేదు రెంటికీ మధ్య. అబద్ధం చెప్పాలన్న కోరిక నాలో లేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అసలు నెల రోజులు ఎవరూ బయటికి తీయకపోతే స్పామ్‌లో ఉన్నది దానంతటదే చెరిగిపోతుంది. ఎవరూ ఏదీ చెయ్యనక్కర్లేకుండానే పోయేది. ఇంట్లో అప్పటికి నా జీతమే ఆధారం. మా బాపుకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. లైసెన్సు పోతే ఏమవుతుందో ఒక్కొక్కటిగా కళ్లముందు నడిచాయి.

ఆ వాచిన చెయ్యి కూడా నా ముందే ఉంది, నేను దాన్ని చూడకపోయినా. అది సీసా వల్ల వాచిందో సూది వల్ల వాచిందో రేపు ఆ డాక్టరు తెలుసుకోవాలంటే ఎప్పుడేం జరిగిందో నిజంగా తెలియాలి. నేను చేసిన ఆలోచన ఇంతే. గొప్ప ధైర్యమేమీ కాదు.

ఆ రెండు మెయిళ్లకూ టిక్కులు పెట్టి, నాట్ స్పామ్ అన్నది నొక్కాను. రెండూ అక్కడినుంచి మాయమై, ఇన్‌బాక్స్‌లో వాటి వాటి తేదీల దగ్గర, సోమవారానిది సోమవారం దగ్గరే కనిపించాయి.

"నొక్కిన సార్," అన్నాను. "నాలుగు రోజులు సూడలేదనే చెప్తా. నేనే చెప్తా, మీ పేరు రానియ్య."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడనే అనుకున్నాను. సందులో కారు దగ్గర నిలబడి తల పట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది.

అంతలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నా మిస్డ్ కాల్స్ చూసి మేడమే చేసింది. మూడేళ్లలో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. నేను మాట్లాడకముందే, మీ నుంచి జవాబు లేదని రోజూ ఎదురుచూస్తున్నాను అంది. తన దగ్గరున్న మా ల్యాండ్‌లైన్ నంబరుకు చేస్తే పనిచేయట్లేదని వచ్చిందట. ఆ లైను మేము ఎప్పుడో తీసేయించాం, చెప్పడం మరిచాం. కాగితం కూడా కొరియర్లో పంపిందట, అది ఇంకా రాలేదు. నేను జరిగింది చెప్పాను. స్పామ్‌లో పడిందని, పడేలా చేసింది నేనేనని. ఆమె నర్సింగ్ హోమ్ డాక్టర్ నంబరు అడిగి రాసుకుంది. తర్వాత చెప్పింది.

"ఇంకో బ్యాచ్ మీద గూడ అనుమానముంది. పరీక్ష నడుస్తాంది. మధ్యాహ్నం వరకు తేలుతది. తేలంగనె అందరికీ ఒక్కసారే మెయిల్ పెడ్త, ఫోన్లు ఒక్కొక్కరికి తర్వాత చేసుకుంట వస్త. మీకు మళ్ల స్పామ్లనే పడితే ఎట్ల?"

నా భయం అదే. సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చోలేను, రావల్కోల్ పోవాలి. మెయిల్ స్పామ్‌లో పడితే ఫోన్ మోగనే మోగదు, తెలియను కూడా తెలియదు. నాట్ స్పామ్ నొక్కాక ఇకముందు ఆ అడ్రసు నుంచి వచ్చేవి మామూలుగా ఇన్‌బాక్స్‌కే రావాలి. రావాలి అన్నదాని మీద ఆరోజు నేను ఆధారపడలేను. ఆమె లైన్లో ఉండగానే ఆ అడ్రసును నా కాంటాక్ట్స్‌లో చేర్చాను. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక ఫిల్టరు పెట్టాను. ఈ అడ్రసు నుంచి వచ్చింది ఏదైనా సరే, స్పామ్‌కు ఎప్పుడూ పంపవద్దు అన్న గడిలో టిక్కు పెట్టి భద్రపరిచాను. అప్పుడు ఆమెను ఒక ఖాళీ మెయిల్ పంపమని అడిగాను.

పంపింది. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని ఎదురుచూశాం. అర నిమిషం కూడా కాలేదేమో. మెయిళ్లు వచ్చే ఏజెన్సీ మొబైల్ నా రెండో చేతిలో టింగుమంది. ఇన్‌బాక్స్‌లో పైన ఆమె మెయిల్. ‘పరీక్ష’ అన్న ఒక్క మాట. వచ్చిందని చెప్పాను. అయితే ఫోన్ సౌండు పెట్టుకోండి అని ఆమె పెట్టేసింది.

బయటికి వచ్చేసరికి యజమాని ఇంకా కారు దగ్గరే ఉన్నాడు. నా వైపు చూడకుండానే, గాజులరామారం నేను పోతా, సీసాలు నేను తెస్తా, డాక్టర్తో నేను మాట్లాడతా అన్నాడు. దారిలో దుండిగల్ పెట్టె కూడా తీసుకుంటానన్నాడు. వెంటనే కారెక్కి కండ్లకోయ వైపు వెళ్లిపోయాడు. నేను స్కూటీ తీశాను.

రావల్కోల్ దారి నాకు బాగా తెలిసిందే. ఆరోజు మాత్రం ఎంతకీ తరగలేదు. మధ్యలో రెండుసార్లు బండి ఆపి, మోగిందేమోనని ఫోన్ చూశాను. సిగ్నల్ గీతలు ఒకటి పోతూ ఒకటి వస్తూ ఉన్నాయి. పొలాల మధ్య కొత్త వెంచర్ల హద్దురాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ బాలింత ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి, తెలిసినవాళ్ల ముఖాలన్నీ ఆమెకు పెట్టుకుంటూ పోయాను.

షాపు షట్టర్ వేసి ఉంది. శుక్రవారం నమాజుకు వెళ్లాడని పక్క కొట్టు ఆమె చెప్పింది. షాపు నడిపేది ఒక పెద్దాయన. ఊళ్లో అందరూ చాచా అనేవారు, నేనూ అంతే. మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాను. వచ్చి, నన్ను చూసి ఆశ్చర్యపోయి, టోపీ జేబులో పెట్టుకుని షట్టర్ ఎత్తాడు. నేను సంగతి చెబుతుంటేనే అరలోంచి పెట్టె తీశాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని నంబరు చదివాడు.

"ముప్పై ఎనిమిది ఉన్నది బేటీ. నువ్వు చెప్పింది ఇది గాదు."

ఆ పెట్టెను నేనే తీసుకుని చూశాను. నిజమే. బిల్లులో ముప్పై ఏడని పడింది కానీ, పంపేటప్పుడు పక్క వరసలోంచి తీసినట్టున్నారు. అది కూడా నా తప్పే. అయినా ఆ క్షణంలో నాకు ఎంత తేలికైందంటే, గల్లా బల్ల మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాను. చాచా మంచినీళ్లు ఇచ్చాడు. పరేషాన్ గాకు, కూసో అన్నాడు.

గ్లాసు పెదవుల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. మెయిల్.

శీర్షిక చదవకముందే నాకు అర్థమైంది. ముప్పై ఎనిమిది. అదే లోపం, అదే సూచన, వెంటనే ఆపండి. ఫోన్ చాచాకు చూపించాను. ఆయన ముఖంలో రంగు మారింది. పొద్దున రెండు సీసాలు వెనక సందులో ఉన్న చిన్న క్లినిక్ వాళ్లు తీసుకుపోయారని చెప్పాడు. కాలికి పుండుపడి జ్వరంతో వచ్చిన ముసలాయనకట. ఒకటి పొద్దున ఇచ్చేదట, ఒకటి నమాజు వేళ దాటినాక.

ఇద్దరం పరుగెత్తాం. చాచాకు మోకాళ్ల నొప్పి, అయినా నాకంటే ముందున్నాడు. సందు మలుపు తిరిగితే రేకుల కప్పు గది, ముందు నాలుగు కుర్చీలు. లోపల బెంచీ మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన కూతురు కాబోలు, తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. కాంపౌండర్ సీసాలో నీళ్లు ఎక్కించి రెండు వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. సిరంజీ పళ్లెంలో ఉంది.

వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాను.

"ఏందమ్మా?" అన్నాడు అతను భయపడిపోయి.

చాచానే చెప్పాడు. సీసా తీసుకుని తలుపు దగ్గర వెలుతురులో పైకెత్తాను. పొడి కరిగి నీళ్లు తేటబడుతున్నాయి. మొదట ఏమీ కనిపించలేదు. కొంచెం వంచి మెల్లగా తిప్పాను. అడుగు నుంచి సన్నని పొరలాంటివి రెండు, చేప పొలుసంత కూడా లేవు, లేచి మెరిసి మళ్లీ కిందికి దిగాయి. కూతురు కూడా చూసింది. తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పొద్దున ఇచ్చిన సీసాలో ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. ఖాళీ సీసా చెత్తడబ్బాలో దొరికింది, దాన్ని కూడా కవర్లో పెట్టాను. ముసలాయనకు వణుకు గానీ ఆయాసం గానీ ఏమీ లేదు. మేడంకు ఫోన్ చేస్తే ఆమె వాళ్ల డాక్టర్తో మాట్లాడించింది. ముసలాయన్ను మేడ్చల్ ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి ఒకరోజు చూడమన్నారు. కూతురిని, ఆయన్నీ చాచా తెలిసినవాళ్ల ఆటోలో ఎక్కించాడు. నేను స్కూటీ మీద వెనకే వెళ్లాను. ఆయన్ను చేర్చుకుని, మందు మార్చి, మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి పంపించారు. పుండు మానడానికి ఇంకా రోజులు పట్టింది, అది వేరే సంగతి.

సాయంత్రం ఏజెన్సీకి వచ్చి మేడంకు జవాబు రాశాను. ఎన్ని వెనక్కి వచ్చాయో, ఎన్ని వాడేశారో, నేను మెయిల్ ఎప్పుడు చూశానో, ఎందుకు చూడలేదో. రాసింది యజమానికి చూపించాను. ఆయన కింది దాకా చదివాడు. ఒక మాట కూడా మార్చమనలేదు. తన పేరు కూడా చేర్చమన్నాడు.

శుక్రవారం రాని ఇన్‌స్పెక్టర్ తర్వాత వచ్చాడు. నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి అడిగాడు. నా చేత మళ్లీ రాయించుకున్నాడు, ఏజెన్సీకి నోటీసు ఇచ్చాడు. లైసెన్సు పోలేదు. పోతుందేమోనన్న భయం మాత్రం నెలల పాటు పోలేదు. పోస్టుమ్యాన్ వస్తే ముందు కవరు మీద ఎవరు పంపారో చూసేదాన్ని. కంపెనీ వాళ్లు ప్రకటనలకు వేరే అడ్రసు పెట్టారు. నేను ఏజెన్సీ ఫోన్ నంబర్లన్నీ అన్ని కంపెనీలకూ కొత్తగా రాసి పంపాను. మందులు పంపే ఆరేడు కంపెనీల అడ్రసులకూ శామీర్‌పేట వాళ్లకు పెట్టినట్టే ఫిల్టర్లు పెట్టాను. రోజూ పొద్దున స్పామ్ కూడా చూసేదాన్ని. ఇప్పుడు ఇంకోచోట పని, అక్కడా చూస్తాను.

బాలింతను చూడటానికి నాలుగోరోజు వెళ్లాను. పోవద్దని యజమాని అన్నాడు, వాళ్లేమంటారోనని. నాకూ భయమే. గాజులరామారంలో ఆ నర్సింగ్ హోమ్ మెట్ల దగ్గర కొంతసేపు నిలబడి, తిరిగి వెళ్లిపోదామా అనుకున్నాను. డాక్టర్ వాళ్లకు అన్నీ చెప్పానన్నాడు. జ్వరం తగ్గిందని, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయని, చెయ్యి వాపు దిగుతోందని చెప్పాడు. అది సూది వల్లనా సీసా వల్లనా అని అడిగాను. తెలియదమ్మా, తెలిసే దారి లేదు అన్నాడు.

ఆమె మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. ఎడమచెయ్యి మణికట్టు నుంచి పైదాకా పసుప్పచ్చగా, అక్కడక్కడా నీలంగా ఉంది. భర్త జీడిమెట్లలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తాడట, నీలం షర్టు మీదే వచ్చాడు. నేను ఎవరో చెప్పాను. తప్పు నాదని చెప్పాను. అతను తిడితే బాగుండు అనిపించింది.

అతను అడిగాడు. "మల్ల ఇంకొకలకు గిట్ల గాకుంట ఏం జేసిన్రు?"

చెప్పాను. ఏ అడ్రసు, ఏ టిక్కు, ఎక్కడ పెట్టాను, రోజూ ఏమేం చూస్తానో, అర్థమవుతుందో లేదో అనుకోకుండా అన్నీ చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు.

"దినాం సూస్తవా?" అన్నాడు.

"సూస్త," అన్నాను.

అతను తలూపాడు. బిడ్డ పాలు తాగడం ఆపి ఏడుపు మొదలుపెట్టింది. ఆమె ఒంటి చేత్తో బిడ్డను భుజానికి ఎత్తుకోలేక ఇబ్బంది పడుతుంటే అతను లేచి బిడ్డను అందుకున్నాడు. నేను కుర్చీ వెనక్కి జరిపి అతనికి దారిచ్చాను.